షుగర్ ఉన్నవాళ్ళు పొద్దున ఇడ్లీ తినొచ్చా? ఎన్ని, దేనితో?

ప్రశ్న: మా నాన్నగారికి 54 ఏళ్ళు, షుగర్ వచ్చి రెండేళ్ళయింది. పరగడుపున 148, టిఫిన్ తిన్న రెండు గంటలకి 246, మూడు నెలల సగటు 8.1. పొద్దున అయిదు ఇడ్లీలు పల్లీ చట్నీతో తింటారు, ఆ పైన రెండు చెంచాల పంచదార వేసిన కాఫీ. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నారు. ఇడ్లీ మానమంటే అస్సలు ఒప్పుకోవడం లేదు. చపాతీకో ఓట్స్‌కో మార్చాలా, లేక బియ్యం టిఫిన్‌లోనే ఏమైనా చేయొచ్చా? ఎంత తినొచ్చు?

సమాధానం:

ఇడ్లీ మాన్పించక్కర్లేదండీ. మొదటి వారం మూడు ఇడ్లీలు, వాటితోపాటు ఒక ఉడికించిన గుడ్డు, చిక్కటి కూరగాయల సాంబారు ఒక చిన్న గిన్నె, పంచదార లేని కాఫీ పెట్టండి. మీటరులో అంకె చూసుకుని అవసరమైతే తర్వాత రెండు ఇడ్లీలకి దిగండి. చపాతీకి మార్చడం వల్ల పెద్దగా ఒరిగేది లేదు. ఎందుకో కింద చెప్తాను. కానీ ఏదైనా మార్చే ముందు డాక్టరుగారికి ఒక ఫోన్ చేయండి. మీ నాన్నగారు వాడే గ్లిమెపిరైడ్ వల్ల ఆ ఫోన్ తప్పనిసరి, దాని సంగతీ చెప్తాను.

ముందు ఇప్పుడు ఆయన పళ్ళెంలో ఏముందో లెక్క వేద్దాం. మనవైపు ఇళ్ళలో పిండి సాధారణంగా ఒక గ్లాసు మినపగుళ్ళకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. ఇడ్లీ రవ్వ అంటే బియ్యమే. ఈ పిండితో వేసిన 50 గ్రాముల ఇడ్లీలో పిండిపదార్థం సుమారు 12 గ్రాములు ఉంటుంది. అయిదింటికి 60. కాఫీలో రెండు చెంచాల పంచదార 10 గ్రాములు, అందులో పాల నుంచి మరో 5. చట్నీ నుంచి 5 అనుకుందాం. మొత్తం 80 గ్రాములు. మధ్యాహ్నం నిండుగా అన్నం తిన్నంత పిండిపదార్థం ఇది, అదీ పొద్దున్నే.

ఇక్కడ 'పొద్దున్నే' అన్న మాట ముఖ్యం. తెల్లవారుజామున శరీరంలో కార్టిజాల్ లాంటి హార్మోన్లు పెరుగుతాయి. అవి కాలేయం నుంచి చక్కెరను బయటికి వదిలిస్తాయి, ఇన్సులిన్ పనిని మందగింపజేస్తాయి. అందుకే అవే ఇడ్లీలు సాయంత్రం తింటే పెరిగే దానికన్నా పొద్దున తింటే షుగర్ ఎక్కువ పెరగడం చాలామందిలో కనిపిస్తుంది. పైగా రవ్వగా విరిచిన బియ్యం, మెత్తగా రుబ్బిన మినప్పిండి రాత్రంతా పులిసి, ఆవిరి మీద ఉడుకుతాయి. నోట్లో వేసుకుంటే కరిగిపోయే ఇడ్లీ కడుపులోనూ అంత తొందరగానే అరుగుతుంది.

ఇంటింటి ఇడ్లీ ఒకలా ఉండదు కాబట్టి ఒక పని చేయండి. వంటింటి తూకం ఉంటే ఒక ఇడ్లీని తూచండి. లేకపోతే కూరగాయల కొట్లో ఒకసారి తూయించండి. కొన్ని ఇడ్లీ పాత్రల్లో గుంటలు లోతుగా ఉంటాయి, వాటిలో ఇడ్లీ 70, 75 గ్రాములు తూగుతుంది. అలాంటివి మూడు తింటే 50 గ్రాములవి నాలుగున్నర తిన్నట్టే. 'మూడే తింటున్నాను, అయినా తగ్గట్లేదు' అనే చాలామంది విషయంలో లోపం ఇక్కడే ఉంటుంది. హోటల్ ఇడ్లీ కూడా ఎక్కువగా ఈ పెద్ద సైజే.

పిండి మార్చాలా, లెక్క తగ్గించాలా?

మినప్పప్పు పెంచితే చాలు, ఇక ఎన్నయినా తినొచ్చు అనే మాట బాగా ప్రచారంలో ఉంది. లెక్క చూస్తే అలా లేదు. రెండు గ్లాసుల రవ్వ బదులు ఒక గ్లాసే వేసి, మినపగుళ్ళకి సమానంగా కలిపారనుకోండి. ఇడ్లీలో పిండిపదార్థం 12 నుంచి 10 గ్రాములకి వస్తుంది, అంతే. మినప్పప్పులో కూడా సగం వరకు పిండిపదార్థమే మరి. మాంసకృత్తులు, పీచు కొంచెం పెరుగుతాయి కాబట్టి చేయడం మంచిదే. కానీ ఒక ఇడ్లీ తగ్గిస్తే పోయేది 12 గ్రాములు, పిండి మారిస్తే పోయేది 2 గ్రాములు. సంఖ్య తగ్గించడం మొదటి పని, పిండి మార్చడం రెండోది. ఈ క్రమం తిరగబడితే కష్టం పెరుగుతుంది, అంకె మాత్రం కదలదు.

పిండి మార్చేటప్పుడు నేను చెప్పే కొలత ఇది. ఒక గ్లాసు మినపగుళ్ళు, అర గ్లాసు ఇడ్లీ రవ్వ, అర గ్లాసు జొన్న రవ్వ. జొన్న రవ్వలో బియ్యపు రవ్వ కన్నా పీచు బాగా ఎక్కువ. అది గట్టిగా ఉంటుంది కాబట్టి నాలుగైదు గంటలు విడిగా నాననివ్వాలి. ఇడ్లీ రవ్వతో కలిపి గంటసేపు నానబెడితే ఇడ్లీలో గింజలు గింజలుగా తగిలి, ఇంకెప్పుడూ చేయొద్దంటారు మీ నాన్నగారు. రెండు రవ్వలనీ గట్టిగా పిండి, రుబ్బిన మినప్పిండిలో కలపండి.

ఈ పిండితో వచ్చే ఇబ్బంది ఒకటుంది. మినప్పప్పు పాలు పెరిగేసరికి ఇడ్లీ అణిగిపోయి, జిగురుగా వస్తుంది. కారణం రుబ్బేటప్పుడు పోసిన నీళ్ళు. పాత కొలతకి పోసినన్ని నీళ్ళు పోస్తే పిండిని పట్టి నిలబెట్టే రవ్వ చాలదు. నీళ్ళు తగ్గించి, చల్లటి నీళ్ళు కొంచెం కొంచెంగా చిలకరిస్తూ రుబ్బండి. గిన్నెడు నీళ్ళలో చిటికెడు పిండి వేస్తే తేలాలి, అప్పుడు సరిగ్గా నలిగినట్టు. పిండి పొంగడానికి ఎండాకాలం ఆరేడు గంటలు చాలు, చలికాలం పది, పన్నెండు గంటలు పడుతుంది. ఆవిరి మీద పది, పన్నెండు నిమిషాలు ఉంచి, పొయ్యి కట్టేశాక అయిదు నిమిషాలు ఆగి తీస్తే విరగకుండా వస్తాయి. వేసే ముందు తురిమిన క్యారెట్, సన్నగా తరిగిన పాలకూర ఒక గుప్పెడు కలిపితే అదే గుంటలో పిండి కొంత తగ్గుతుంది. ఇది చిన్న లాభమే, కానీ ఉచితంగా వస్తుంది.

ఇడ్లీ పక్కన ఏం పెట్టాలి

మీరు రెండు ఇడ్లీలు తీసేసి ఊరుకుంటే ఆయన పదింటికల్లా ఆకలి అంటారు, బిస్కెట్లు తింటారు. పొద్దున మిగిల్చినదంతా అక్కడ పోతుంది. తీసిన చోట ఏదో ఒకటి పెట్టాలి, అది మాంసకృత్తులూ పీచూ ఉన్నదై ఉండాలి.

గుడ్డు అన్నిటికన్నా తేలిక. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు, పిండిపదార్థం దాదాపు సున్నా. ఆయన గుడ్డు తినకపోతే 50 గ్రాముల పనీరు ముక్కలు ఉప్పు, మిరియాలు చల్లి పెట్టండి.

సాంబారు విషయంలో చిక్కదనమే అసలు సంగతి. హోటల్లో పోసే పల్చటి సాంబారులో పప్పు కన్నా నీళ్ళెక్కువ, కొన్ని చోట్ల బెల్లం కూడా వేస్తారు. ఇంట్లో మనిషికి 20 గ్రాముల కందిపప్పు, అంటే రెండు పెద్ద చెంచాలు వచ్చేలా వేసి, సొరకాయ, ములక్కాడ, బెండకాయ, వంకాయ ముక్కలు నిండుగా వేయండి. బెల్లం వద్దు. చిన్న గిన్నెడు సాంబారులో ఇలా 14 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. అది కూడా లెక్కలోదే. పప్పు పక్కన ఉంది కదా అని ఇడ్లీ పెంచకూడదు. బంగాళదుంప, చిలగడదుంప ముక్కలు సాంబారులో వేయకండి.

పల్లీ చట్నీ పెద్ద చెంచాలతో రెండు తినొచ్చు. పల్లీలతో షుగర్ పెద్దగా పెరగదు, కానీ నూనె గింజ కాబట్టి కేలరీలు ఎక్కువ. ఆయన బరువు ఎక్కువగా ఉంటే రెండు చెంచాల దగ్గరే ఆగాలి. చిక్కదనం కోసం పుట్నాలు కలిపే అలవాటుంటే మానండి, అవి శనగపప్పే. అల్లం చట్నీలో బెల్లం పడుతుంది, దాన్ని పక్కన పెట్టండి. కారప్పొడిలో అర చెంచా నెయ్యి వేసుకుంటే షుగర్ పరంగా ఇబ్బంది లేదు. బీపీ కూడా ఉంటే పొడిలోని ఉప్పు చూసుకోవాలి.

తినే వరుస కూడా పనిచేస్తుంది. ముందు గుడ్డు, సాంబారులోని ముక్కలు తిని, ఆ తర్వాత ఇడ్లీ తింటే అదే పళ్ళెంతో షుగర్ కొంచెం తక్కువ, కొంచెం నెమ్మదిగా పెరుగుతుంది. కడుపు ఖాళీ అయ్యే వేగం తగ్గడం దీనికొక కారణం. ఖర్చు లేని మార్పు కాబట్టి తప్పకుండా చేయించండి. తిన్నాక పది, పదిహేను నిమిషాలు మామూలు నడక నడిస్తే కండరాలు కొంత చక్కెరను లాక్కుంటాయి.

కాఫీలో పంచదార ఒక్కసారిగా మానలేకపోతే వారానికి అర చెంచా చొప్పున తగ్గిస్తూ రండి. బెల్లం, తేనె, తాటిబెల్లం, ఏది వేసినా రక్తంలో చేసేది అదే పని.

మీ నాన్నగారి పళ్ళెం, అంకెలతో

మొదటి వారం పిండి పాతదే ఉంచండి. మూడు ఇడ్లీలు 36, సాంబారు 14, చట్నీ 3, పంచదార లేని కాఫీ 5. మొత్తం 58 గ్రాములు. పాత 80 నుంచి 22 తగ్గింది. అందులో 10 పంచదారదే అని గమనించండి.

ఈ పళ్ళెంతో మూడు రోజులు మీటరుతో చూడండి. తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టిన దగ్గర్నుంచి రెండు గంటలకి ఒకసారి. తినడం అయిపోయిన దగ్గర్నుంచి లెక్కపెడితే అరగంట తేడా వచ్చి, ఒకరోజు అంకెకీ ఇంకోరోజు అంకెకీ పోలిక కుదరదు. చేతులు సబ్బుతో కడిగి తుడుచుకున్నాకే గుచ్చాలి. వేలికి బెల్లమో పండు రసమో అంటుకుని ఉంటే అంకె తప్పుగా పెరిగిపోతుంది.

తిన్న తర్వాత షుగర్ సాధారణంగా 180 లోపు ఉండాలని చూస్తాం. కానీ టిఫిన్ ఎలా పనిచేస్తోందో తెలియడానికి రెండు అంకెల మధ్య తేడా చూడాలి. ఇప్పుడు 148 నుంచి 246, అంటే 98 పెరుగుతోంది. టిఫిన్ తప్పు ఈ 98 మాత్రమే, 148 కాదు. పరగడుపు అంకె రాత్రి భోజనం, కాలేయం, మందుల మీద ఆధారపడుతుంది. ఇడ్లీ ఎంత తగ్గించినా అది పెద్దగా దిగదు. తేడా 40, 50 లోపుకి వస్తే టిఫిన్ కుదిరినట్టే.

ఉదాహరణకి మొదటి వారం 145 నుంచి 215 వచ్చిందనుకోండి. తేడా 70. మెరుగైంది, కానీ చాలలేదు. అప్పుడు రెండో వారం కొత్త పిండికి మారి, రెండు ఇడ్లీలు పెట్టండి. 20, సాంబారు 14, చట్నీ 3, కాఫీ 5, మొత్తం 42. ఆకలైతే రెండో గుడ్డు ఇవ్వండి, మూడో ఇడ్లీ కాదు. మళ్ళీ మూడు రోజులు చూడండి. తేడా 45కి వచ్చి, తిన్న తర్వాతి అంకె మాత్రం 190 దగ్గరే ఆగితే టిఫిన్ తన పని చేసిందని అర్థం. మిగిలింది పరగడుపు షుగర్. ఆ లెక్క డాక్టరుగారితో తేల్చుకోవాలి, ఇంకా ఇడ్లీ కోయడం వల్ల లాభం లేదు.

గ్లిమెపిరైడ్ సంగతి

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకి తిండి తగ్గితే షుగర్ పడిపోయే భయం తక్కువ. గ్లిమెపిరైడ్ అలా కాదు. మీరు ఎంత తిన్నారో చూడకుండా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. 80 గ్రాములు తినే మనిషికి సరిపోయేలా ఇచ్చిన మోతాదు 42 గ్రాముల పళ్ళేనికి ఎక్కువ కావచ్చు. అందుకే అయిదు నుంచి ఒకేసారి రెండుకి దిగొద్దన్నాను. అందుకే ముందు ఫోన్ చేయమన్నాను. మాత్ర వేసుకుని టిఫిన్ మానేయడం, పదింటిదాకా వాయిదా వేయడం అసలు చేయకూడదు. మాత్ర మీ అంతట మీరు ఆపకూడదు కూడా.

పదకొండు, పన్నెండు గంటల మధ్య చెమటలు, వణుకు, గుండె దడ, ఉన్నట్టుండి తట్టుకోలేని ఆకలి, తికమకగా మాట్లాడటం కనిపిస్తే వెంటనే మీటరు పెట్టండి. 70 కన్నా తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకి మళ్ళీ చూడాలి. ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ ఇవ్వాలి. పెరిగాక ఏదైనా తినిపించి, ఆ రోజే డాక్టరుకి చెప్పాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

చపాతీ, ఓట్స్, రాగి జావ

40 గ్రాముల గోధుమపిండితో చేసిన చపాతీలో సుమారు 25 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. రెండు చపాతీలంటే నాలుగు ఇడ్లీలు. పీచు కొంచెం ఎక్కువ, నిజమే. కానీ ఇష్టం లేని చపాతీ మూడు తినే బదులు ఇష్టమైన ఇడ్లీ రెండు తినడం మేలు. ఉప్మా రవ్వదీ ఇదే కథ. రాగి జావ విషయంలో మాత్రం గట్టిగా చెప్తాను. మెత్తటి రాగి పిండిని జావగా కాచి తాగితే నమలడం కూడా ఉండదు, చాలామందికి ఇడ్లీ లాగే, ఒక్కోసారి అంతకన్నా తొందరగా షుగర్ పెంచుతుంది. రాగులు మంచివే, జావ రూపమే ఇబ్బంది. ఓట్స్ కూడా రెండు నిమిషాల్లో ఉడికేవి ఇదే దారి.

ఇడ్లీ కాని రోజుల్లో ఆయనకి పెట్టదగ్గది పెసరట్టు. మనిషికి 40 గ్రాముల పొట్టు పెసలు నాలుగైదు గంటలు నానబెట్టి రుబ్బితే ఒక మంచి అట్టు వస్తుంది. అందులో పిండిపదార్థం 18 గ్రాములు, మాంసకృత్తులు 9 గ్రాములు, పీచు కూడా బాగానే ఉంటుంది. రెండు అట్లు తిన్నా 36. కరకరలాడాలని గుప్పెడు బియ్యం వేస్తారు, అది తీసేయండి. బియ్యం లేకుండా అట్టు మెత్తబడుతుందంటే పిండి పల్చగా ఉందన్న మాట. కాస్త బరకగా, గట్టిగా రుబ్బి, పెనం బాగా కాలాక పల్చగా తిప్పితే సరిపోతుంది. పులియబెట్టక్కర్లేదు. లోపల ఉప్మా పెట్టే ఎమ్మెల్యే పెసరట్టు మాత్రం వద్దు. పెసలతో వచ్చిన లాభమంతా ఆ ఉప్మా తినేస్తుంది.

ఇంట్లో వేసే మామూలు దోశలో బియ్యం పాలు ఇడ్లీ కన్నా ఎక్కువ, ఒక్కోటి 20 గ్రాములు అనుకోండి. ఒకటి, లేదా మరీ అయితే చిన్నవి రెండు. లోపల కూర బదులు గుడ్డు పగలగొట్టి వేస్తే మంచిది.

పులిహోర, చద్దన్నం, పెరుగన్నం అడిగిన రోజున వండిన అన్నం 100 గ్రాములు తూచి ఒక చిన్న గిన్నెలో పెట్టండి. ఎంత ఎత్తు వస్తుందో గుర్తు పెట్టుకుంటే మళ్ళీ తూచే పని లేదు. అందులో పిండిపదార్థం 28 గ్రాములు. చల్లారిన అన్నంలో కొంత పిండి అరగని రూపానికి మారుతుందన్న మాట నిజమే, కానీ ఆ తేడా చిన్నది. చద్దన్నమని చెప్పి పళ్ళెం నింపుకోకూడదు. పులిహోరలో పల్లీలు, ఉడికించిన శనగలు ఎక్కువగా వేయండి. పెరుగన్నంలో పెరుగు అన్నానికి ఒకటిన్నర రెట్లు వేసి, కీరా ముక్కలు కలపండి.

ఆయనకి కిడ్నీ సమస్య ఉంటే పప్పులు, గుడ్లు, పనీరు పెంచమన్న మాట అలాగే పాటించకండి. క్రియాటినిన్ రిపోర్టు చూపించి ఎంత వరకు పెంచొచ్చో అడగాలి. దాహం విపరీతంగా ఉండి, బరువు తగ్గుతూ, అంకెలు 300 దాటుతుంటే ఇడ్లీ లెక్కలు పక్కన పెట్టి ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

రెండు వారాల అంకెలు ఒక కాగితం మీద రాసి పెట్టండి. తేదీ, తినే ముందు, తిన్న రెండు గంటలకి, ఆ రోజు పళ్ళెంలో ఏముంది, ఈ నాలుగే. గ్లిమెపిరైడ్ తగ్గించాలా, పరగడుపు షుగర్ కోసం ఇంకేదైనా మార్చాలా అన్నది డాక్టరుగారు ఆ కాగితం చూసే చెప్పగలుగుతారు.